గడువు దాటిన దరఖాస్తుల జాబితా: రోజూ ఉదయం అధికారికి అందే చిట్టా ఎలా తయారవుతుంది, ఎక్కడ తప్పుతుంది

2025 జనవరి 17, శుక్రవారం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక మున్సిపల్ ఆఫీసు కౌంటర్ అనుకుందాం. కూతురి జనన ధృవపత్రంలో తల్లి పేరులో ఒక అక్షరం తప్పు పడింది. దాన్ని సరిదిద్దమని ఒకాయన జనవరి 9న దరఖాస్తు పెట్టాడు. "ఏడు రోజుల్లో ఇస్తామన్నారు, ఎనిమిది రోజులైంది సార్" అంటాడాయన. క్లర్కు కంప్యూటర్‌లో చూసి, "ఇంకా మూడో రోజే అండీ, టైం ఉంది" అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకే దరఖాస్తుకు ఒకరి లెక్కలో ఎనిమిది రోజులు, ఇంకొకరి లెక్కలో మూడు రోజులు.

రోజూ ఉదయం పై అధికారికి ఒక జాబితా వెళ్తుంది. మాట ఇచ్చిన రోజులు దాటినా ఇంకా పెండింగ్‌లో ఉన్న దరఖాస్తులు అందులో ఉంటాయి. ఆఫీసు భాషలో వీటిని 'బియాండ్ ఎస్‌ఎల్‌ఏ' అంటారు. గడువులోపు ఉన్నవి 'వితిన్ ఎస్‌ఎల్‌ఏ'. రివ్యూ మీటింగుల్లో తిట్లు తినేది ఈ మొదటి రకం అంకె మీదే. అందులోకి ఏ దరఖాస్తు వస్తుంది, ఏది రాదు అన్నది తేలిగ్గా తేలే విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. పైన చెప్పిన దరఖాస్తునే పట్టుకుని చివరిదాకా చూద్దాం. మనిషి, దరఖాస్తు, ఏడు పనిదినాల గడువు ఉదాహరణ కోసం అనుకున్నవి. తేదీలు మాత్రం అసలు క్యాలెండర్‌వే.

## ఆ గడువు ఎక్కడి నుంచి వస్తుంది

కొన్నిటికి గడువు చట్టంలోనే ఉంటుంది. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969 నాటిది. దానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక ఏడు రోజులు మించకుండా ధృవపత్రం ఇవ్వాలని అది చెబుతోంది. చాలా సేవలకు గడువు సిటిజన్ చార్టర్‌లో ఉంటుంది. మీసేవ వచ్చినప్పటి నుంచి మన జనానికి తెలిసిన విభజన ఒకటుంది: కౌంటర్‌లో అప్పటికప్పుడే ఇచ్చేవి 'ఎ' కేటగిరీ, విచారణ చేసి కొన్ని రోజుల్లో ఇచ్చేవి 'బి' కేటగిరీ. గడువు దాటిన జాబితాలో కనిపించేవి దాదాపుగా ఈ రెండో రకమే.

గడువు దాటితే ఏమవుతుందన్నది చోటును బట్టి, సేవను బట్టి మారుతుంది. కర్ణాటకలో 2012లో మొదలైన సకాల పథకం కింద, ఆలస్యమైన ప్రతి రోజుకూ 20 రూపాయల చొప్పున, 500 మించకుండా దరఖాస్తుదారు పరిహారం అడగవచ్చు. తెలంగాణలో టీఎస్-బీపాస్ చట్టం ఇంకో దారి పట్టింది. సింగిల్ విండో కింద పెట్టిన భవన అనుమతి దరఖాస్తుపై 21 రోజుల్లో ఏ నిర్ణయమూ రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. జనన ధృవపత్రం విషయంలో అలా కుదరదు. ఎనిమిదో రోజు కాగానే తల్లి పేరు దానంతటది మారిపోదు కదా. ఇలాంటి సేవల్లో గడువుకు బలం ఇచ్చేది పై అధికారి చూపు. ఆ చూపు ఏ దరఖాస్తు మీద పడాలో చెప్పేది ఈ జాబితా.

## జాబితా తయారయ్యే తీరు

దీన్ని ఎవరూ కూర్చుని టైపు చేయరు. రోజూ ఒకే సమయానికి, ఎవరూ బటన్ నొక్కకుండా, సర్వర్ తనంతట తాను నడిపే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. దాన్నే జాబ్ అంటారు. అది దరఖాస్తుల పట్టికలోకి వెళ్లి ఒక ప్రశ్న అడుగుతుంది, వచ్చిన జవాబును మెయిల్‌గానో డాష్‌బోర్డుగానో అధికారికి పంపుతుంది. ఆ ప్రశ్న సారం ఇంతే:

```sql
SELECT app_no, service, desk, due_date
FROM applications
WHERE status IN ('RECEIVED', 'FIELD', 'SIGN')
  AND due_date < CURRENT_DATE
ORDER BY due_date;
```

తెలుగులో చెప్పాలంటే: అందినవి, క్షేత్ర విచారణలో ఉన్నవి, సంతకం కోసం ఆగినవి తీసుకో. వాటిలో గడువు తేదీ నిన్నటికో అంతకు ముందుకో ముగిసినవి ఏరి, పాతవి పైకి వచ్చేలా పేర్చు. `desk` అంటే ఫైలు ప్రస్తుతం ఎవరి లాగిన్‌లో ఉందో చెప్పే గడి. అధికారికి అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

ఈ నాలుగైదు వరుసల్లో నాలుగు చోట్ల తగాదా ఉంది. గడువు తేదీని ఎలా లెక్కగట్టారు, 'ఈరోజు' అంటే ఏ రోజు, వెనక్కి పంపిన దరఖాస్తును ఏం చేయాలి, ఏ స్థితుల్ని పెండింగ్ అనాలి.

## ఏడు రోజులా, ఏడు పనిదినాలా

మొదటి ప్రశ్న: దరఖాస్తు ఇచ్చిన రోజు లెక్కలోకి వస్తుందా? 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, కేంద్ర చట్టంలో 'ఫలానా రోజు నుంచి' అని ఉంటే ఆ మొదటి రోజును వదిలేయాలి. ఆఫీసుల అలవాటూ అదే. సాయంత్రం ఐదింటికి ఇచ్చిన దరఖాస్తుకు ఆ రోజంతా చేతిలో ఉన్నట్టు లెక్కించడం న్యాయం కాదు కూడా. అందుకని 9న ఇస్తే 10వ తేదీ ఒకటో రోజు.

ఇప్పుడు మామూలు రోజులైతే ఏడో రోజు జనవరి 16. పనిదినాలైతే లెక్క వేరు. 10 శుక్రవారం, అది ఒకటి. 11 రెండో శనివారం, 12 ఆదివారం. 13 భోగి, 14 సంక్రాంతి, 15 కనుమ. ఐదు రోజులూ సెలవే. 16 గురువారం రెండు, 17 శుక్రవారం మూడు, 18 శనివారం నాలుగు. 19 ఆదివారం. 20 ఐదు, 21 ఆరు, 22 బుధవారం ఏడు. అంటే గడువు 22 సాయంత్రం దాకా ఉంది. జాబితాలో కనిపించాల్సింది 23 ఉదయం. కౌంటర్ దగ్గర ఇద్దరి లెక్కకూ తేడా ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా. ఆయన లెక్క మామూలు రోజుల్లో, క్లర్కు లెక్క పనిదినాల్లో. పండగ రోజుల్లో తేడా ఆరు రోజులు వచ్చింది. సెలవుల్లేని వారంలో ఇచ్చి ఉంటే తేడా ఒక ఆదివారమే.

పనిదినాలే న్యాయమని ఉద్యోగులు అంటారు, ఆఫీసే తెరవని రోజున పని ఎలా జరుగుతుందని. పాస్‌పోర్టుకో బడిలో సీటుకో ఆఖరు తేదీ దగ్గర పడుతున్న మనిషికి కనుమ సెలవు ఊరట ఇవ్వదు. రెండు వాదనల్లోనూ పస ఉంది. నా మటుకు, ఏ లెక్కయినా ఒప్పుకోవచ్చు గానీ రసీదు మీద 'ఏడు రోజులు' అని అచ్చేయడం మాత్రం ఒప్పుకోలేను. 'జనవరి 22 లోపు' అని తేదీ వేస్తే ఆ శుక్రవారం తగువే ఉండేది కాదు.

సాఫ్ట్‌వేర్ వైపు నుంచి చూస్తే పనిదినాల లెక్కకు ఒక సెలవుల పట్టిక కావాలి. దాన్ని ఏటా ఎవరో నింపాలి. కొత్త సంవత్సరం పట్టిక నింపడం మరిచిపోతే సంక్రాంతి మూడు రోజులూ పనిదినాలైపోతాయి. మన దరఖాస్తు గడువు 22 బదులు 18 అవుతుంది. పండగ వెళ్లిన వారంలో జాబితా ఉన్నట్టుండి ఉబ్బిందంటే సిబ్బందిని కేకలేసే ముందు ఆ పట్టిక చూడడం మంచిది. తుపాను వల్ల కలెక్టరు అప్పటికప్పుడు సెలవు ప్రకటించిన రోజులకూ ఇదే తిప్పలు. అప్పటికే లెక్కగట్టి పెట్టిన గడువు తేదీల్ని మళ్లీ గట్టాలి, లేదా ఆ ఒక్క రోజు తేడాతోనే సర్దుకోవాలి.

## ఐదింటికి నడిస్తే ఒక జాబితా, ఆరింటికి నడిస్తే ఇంకొకటి

రెండో తగాదా చూడ్డానికి హాస్యంలా ఉంటుంది. చాలా సర్వర్ల గడియారం భారత కాలమానంలో కాకుండా `UTC`లో ఉంటుంది. అది మనకన్నా ఐదున్నర గంటలు వెనక. జాబ్‌ను మన ఉదయం 5 గంటలకు పెట్టారనుకోండి. జనవరి 23 ఉదయం 5 అంటే సర్వర్ దృష్టిలో ఇంకా 22వ తేదీ రాత్రి 11:30. డేటాబేస్ కూడా అదే గడియారాన్ని నమ్ముకుని ఉంటే `CURRENT_DATE` 22 అని జవాబిస్తుంది. గడువు 22, ఈరోజు కూడా 22. కనుక `due_date < CURRENT_DATE` నిజం కాదు, మన దరఖాస్తు ఆ పూట జాబితాలో కనిపించదు. 24 ఉదయం కనిపిస్తుంది.

ఇందులో చిక్కేమిటంటే ఎవరికీ అనుమానం రాదు. జాబితా రోజూ వస్తుంది, అందులో పేర్లూ ఉంటాయి, అవన్నీ నిజంగా గడువు దాటినవే. ప్రతి ఫైలూ ఒక రోజు ఆలస్యంగా ఎక్కుతుంది, అంతే. జాబ్‌ను 6 గంటలకు మారిస్తే సర్వర్‌లో అర్ధరాత్రి దాటి అరగంట అవుతుంది, తప్పు దానంతటది మాయమవుతుంది. సమయం మార్చిన రోజున పాత బకాయీ కొత్త బకాయీ కలిసి జాబితా ఒక్కసారి పెరుగుతుంది, కారణం ఎవరికీ తోచదు. సమయం మీద ఆధారపడకుండా ఉండాలంటే `CURRENT_DATE` బదులు `(now() AT TIME ZONE 'Asia/Kolkata')::date` అని రాస్తారు. ఇది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో రాసే పద్ధతి. నిన్నటితో గడువు ముగిసిన దరఖాస్తు ఒకటి చేతిలో పెట్టుకుని, అది ఈ ఉదయం జాబితాలో ఉందో లేదో చూస్తే ఈ తప్పు బయటపడుతుంది.

`<` గుర్తు పక్కన పొరపాటున `=` చేరితే ఇందుకు తలకిందులైన కథ. గడువు రోజు ఉదయమే ఫైలు జాబితాకెక్కుతుంది. సాయంత్రం దాకా టైం ఉన్న క్లర్కుకు పొద్దున్నే మెమో వస్తుంది. టెన్షన్ ఆయనది, తప్పు గుర్తుది.

## వెనక్కి పంపితే గడియారం ఆగాలా

మన కథకు తిరిగొద్దాం. అదే 17వ తేదీన క్లర్కు ఫైలు తెరిచి చూస్తే, ఆస్పత్రి డిశ్చార్జి కాగితం స్కాన్ చదవడానికి వీల్లేకుండా ఉంది. 'స్పష్టమైన కాపీ జతచేయండి' అని దరఖాస్తును వెనక్కి పంపాడు. దరఖాస్తుదారు ఆస్పత్రి చుట్టూ తిరిగి, 24 శుక్రవారం కొత్త కాపీ అప్‌లోడ్ చేశాడు. ఈ వారం ఎవరి ఖాతాలో వేయాలి?

గడియారం ఆగాలనే వాదనకు చట్టంలో పోలిక ఉంది. సమాచార హక్కు చట్టం 7వ సెక్షన్ 30 రోజుల గడువు పెడుతూనే, అదనపు రుసుము కట్టమని చెప్పిన నాటి నుంచి దరఖాస్తుదారు కట్టే దాకా ఉన్న కాలాన్ని లెక్క నుంచి మినహాయించింది. ఆఫీసు చేతిలో లేని రోజులకు ఆఫీసును బాధ్యం చేయకూడదన్నది అందులోని సూత్రం. ఆ ప్రకారం 17 వరకు మూడు రోజులు ఖర్చయ్యాయి. 25 శనివారం నాలుగో రోజు. 26 ఆదివారం, గణతంత్ర దినం కూడా. 27 ఐదు, 28 ఆరు, 29 ఏడు. కొత్త గడువు జనవరి 29.

ఆగకూడదనే వాదన అనుభవంలోంచి వస్తుంది. గడియారం ఆపే బటన్ క్లర్కు చేతిలో ఉంటే, ఏడో రోజున ఏదో ఒక కాగితం అడిగి వెనక్కి పంపడం అలవాటవుతుంది. అడగాల్సినవన్నీ ఒకేసారి అడగకుండా, విడతకొకటి అడిగితే ఫైలు నెలల తరబడి తిరుగుతుంది, జాబితాలో మాత్రం ఒక్క రోజూ కనిపించదు. మూడు రోజులు మిగిలి ఉండగా వెనక్కి పంపినవీ, చివరి రోజున పంపినవీ విడదీసి లెక్కపెడితే ఈ అలవాటు ఉందో లేదో తెలుస్తుంది. నిజమైన లోపాలైతే మొదటి ఒకటి రెండు రోజుల్లోనే, కాగితాలు తొలిసారి చూసినప్పుడే బయటపడతాయి. చివరి రోజున కుప్పగా పడ్డాయంటే కాగితాల్లో లోపం కాదది.

తిరస్కరణలూ అంతే. రిజెక్ట్ చేసిన దరఖాస్తు జాబితాలోంచి శాశ్వతంగా పోతుంది. ఆ మనిషి మళ్లీ కొత్తగా పెట్టుకుంటే కొత్త నంబరు, కొత్త గడువు, పాత ఆలస్యం మాఫీ. అదే జనన రిజిస్ట్రేషన్ నంబరు మీద నెల తిరక్కుండా రెండో దరఖాస్తు వచ్చిందా అని వెతికితే ఇవి దొరుకుతాయి. అసలు దొరకనిది ఇంకొకటుంది: కాగితం కౌంటర్‌లో తీసుకుని, పని అయ్యే దాకా కంప్యూటర్‌లో ఎక్కించకుండా ఉంచడం. సిస్టం తనలో దరఖాస్తు పుట్టిన తేదీ నుంచే లెక్కపెడుతుంది, పుట్టనివ్వని దరఖాస్తు దానికి తెలియదు. ఇన్‌వర్డు రిజిస్టరు తేదీతో పోల్చి చూడడమే దారి.

రెండు వాదనల్ని కొంతవరకు ఇముడ్చుకునే పద్ధతి ఒకటుంది. వెనక్కి పంపినప్పుడు పాత గడువు తేదీని చెరిపి కొత్తది రాయకుండా, రెండూ ఉంచుతారు. జాబితాలో రెండు గడులు పెడతారు: ఆఫీసు చేతిలో గడిచిన పనిదినాలు, దరఖాస్తు పెట్టిన నాటి నుంచి గడిచిన మొత్తం రోజులు. మొదటిది చూసి సిబ్బందిని అడుగుతారు. రెండోది పెరుగుతూ మొదటిది పెరగకపోతే ఫైలు ఎందుకు అటూ ఇటూ తిరుగుతోందని అడుగుతారు.

## జాబితాలోంచి జారిపోయే ఫైళ్లు

24న దరఖాస్తుదారు కాపీ అప్‌లోడ్ చేసినప్పుడు ఆ ఫైలు స్థితి ఏమైంది? సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా చేర్చిన `RESUBMITTED` అయిందనుకోండి. పైన రాసిన ప్రశ్నలో ఆ పేరు లేదు. `RECEIVED`, `FIELD`, `SIGN` మాత్రమే ఉన్నాయి. ఇక ఆ ఫైలు ఎంత కాలం పడి ఉన్నా జాబితాలోకి రాదు. స్థితుల పేర్లు పెట్టినవారు వేరు, జాబితా రాసినవారు వేరు అయినప్పుడు ఇది మామూలుగా జరిగేదే.

తిరగేసి రాయొచ్చు: మంజూరైనవీ, తిరస్కరించినవీ, దరఖాస్తుదారు దగ్గర ఉన్నవీ తప్ప మిగతావన్నీ పెండింగే అని. అప్పుడు కొత్త స్థితి ఏది వచ్చినా తనంతట తనే జాబితాకెక్కుతుంది. ఒక్క మెలిక: స్థితి గడి ఖాళీగా ఉంటే `NOT IN` దాన్ని పట్టుకోదు, ఖాళీ గడులను విడిగా అడగాలి. బదిలీల సీజన్లో ఇంకో జారుడు ఉంది. జాబితాలో ఉద్యోగి పేరు కనిపించేందుకు దరఖాస్తుల పట్టికను ఉద్యోగుల పట్టికతో కలుపుతారు. సీనియర్ అసిస్టెంట్ బదిలీ అయి ఆయన లాగిన్ తీసేస్తే, మామూలు `JOIN`లో ఆయన దగ్గరున్న ఫైళ్లన్నీ రాలిపోతాయి. ఎవరూ చూడని ఫైళ్లే జాబితాలోనూ కనిపించవు. `LEFT JOIN` వాడితే పేరు గడి ఖాళీగా, ఫైలు మాత్రం కళ్లెదుట ఉంటుంది.

ఇలాంటివన్నీ ఒక్కొక్కటిగా వెతకడం కష్టం. క్యాషియర్ రోజూ సాయంత్రం చేసే పనే ఇక్కడా చేస్తే చాలు, మొత్తం సరితూగిందా అని చూడటం. ఉదాహరణకు ఈ నెల అందినవి 640 అనుకుందాం. ఇచ్చినవి 512, తిరస్కరించినవి 31, దరఖాస్తుదారుల దగ్గర 22, గడువులోపు 58, గడువు దాటినవి 14. కలిపితే 637. మూడు తక్కువ. ఆ మూడూ ఎక్కడో జారాయి, వెతకాల్సింది వాటినే. ఈ కూడిక జాబితా కిందే రోజూ అచ్చయితే ఇంకో మేలూ ఉంది. జాబ్ అసలు నడవని రోజున ఖాళీ మెయిల్‌నో పాత డాష్‌బోర్డునో చూసి 'పెండింగ్ సున్నా' అని సంబరపడే ప్రమాదం తప్పుతుంది. 'ఉదయం 6:02కి నడిచింది, 640 చూసింది, 14 దాటాయి' అన్న ఒక్క వరుస ఉంటే సున్నాకూ మౌనానికీ తేడా తెలుస్తుంది.

## చదివేవారికి ఎంత పంపాలి

నాలుగు వందల వరుసల జాబితా రోజూ కమిషనర్‌కు వెళ్తే మూడో రోజు నుంచి ఎవరూ తెరవరు. అందుకే వాటిని అంచెలుగా విడగొడతారు. ఈరోజో రేపో గడువు ముగిసేవి ఫైలు చూసే ఉద్యోగికి, కొత్తగా దాటినవి సెక్షన్ పెద్దకు, మరీ పాతబడ్డవి కమిషనర్‌కు. మొదటిది నిజానికి గడువు దాటిన జాబితా కాదు, కానీ ఆలస్యాన్ని ఆపగలిగేది అదొక్కటే. దాటాక వచ్చే జాబితా జరిగిపోయిన దాన్ని చెబుతుంది.

ఈ పద్ధతిలో ఒక ఇబ్బందికరమైన మూల ఉంది. సంతకం దశలో ఆగిన ఫైళ్లు ఎవరి లాగిన్‌లో ఉంటాయి? జాబితా అందుకునే అధికారి లాగిన్‌లోనే. డిజిటల్ సంతకం కీ గడువు తీరిపోయి రెన్యువల్ కాకపోతే, ఆయన వారం రోజులు శిక్షణకు వెళ్తే, కింద అందరూ పని పూర్తి చేసినా కుప్ప అక్కడే పెరుగుతుంది. జాబితాలో అన్ని వరుసల్లోనూ `SIGN` అని కనిపిస్తే అడగాల్సింది కింది వాళ్లను కాదు. కాకపోతే అడిగే మనిషీ ఆయనే. ఆ భాగం ఆయన పై స్థాయికి కూడా వెళ్లాలా అన్నది ఆఫీసుల్లో ఎవరూ గట్టిగా ఎత్తని ప్రశ్న.

మన దరఖాస్తు అదృష్టం బాగుంది. కమిషనర్ ఊళ్లోనే ఉన్నారు, కీ పనిచేస్తోంది. జనవరి 28న సంతకమైంది. ఆఫీసు చేతిలో ఆరు పనిదినాలు, గడువుకు ఒక రోజు ముందే. గడువు దాటిన జాబితాలో ఆ నంబరు ఏ ఉదయమూ కనిపించలేదు. దరఖాస్తు పెట్టిన నాటి నుంచి ఆయన లెక్కలో పంతొమ్మిదో రోజున, ఒక అక్షరం మారిన కాగితం చేతికొచ్చింది.